టెండరు నోటీసును ఒక్క కాగితంలోకి దించడం ఎలా? రావివలస చిన్న కాంట్రాక్టరు లెక్క

టెండరు నోటీసు చేతికి రాగానే చాలామంది చిన్న కాంట్రాక్టర్లు ముందుగా చూసేది పని విలువ. "అరవై లక్షల పని, మన ఊరి పక్కనే, ఎంత తక్కువకు వేస్తే వస్తుంది?" అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది. కానీ ధర కవరు తెరవక ముందే ఇంకో కవరు తెరుస్తారు. అందులో ధర ఉండదు, అర్హత కాగితాలు ఉంటాయి. చిన్న కాంట్రాక్టర్లలో చాలామంది ఆగిపోయేది అక్కడే. ఎంత తక్కువకు వేశారన్నది ఎవరూ చూడరు కూడా.

నోటీసు, దాని వెంట వచ్చే టెండరు డాక్యుమెంటు కలిపి నలభై, యాభై పేజీలు ఉంటాయి. అందులో ఎక్కువ భాగం అన్ని పనులకూ ఒకేలా ఉండే షరతులే. కాంట్రాక్టరు తేల్చుకోవాల్సినవి మూడే మూడు: ఈ పనికి తాను పనికొస్తాడా, ఏ తేదీలోపు ఏం చేయాలి, ఏ కాగితాలు పెట్టాలి. ఈ మూడింటినీ ఒక తెల్ల కాగితం మీదకు దించగలిగితే, ఆ టెండరుకు వెళ్లాలా వద్దా అన్నది ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది.

ఈ లెక్క సులువుగా అర్థం కావడానికి ఒక ఊహించిన ఉదాహరణ తీసుకుందాం. టెక్కలి మండలం రావివలసలో ఒక చిన్న కాంట్రాక్టరు ఉన్నాడనుకుందాం. సీసీ రోడ్లు, డ్రెయిన్లు, ప్రహరీ గోడలు ఆయన చేసే పనులు. కాగితాలు, కంప్యూటరు కొడుకు చూసుకుంటాడు. చుట్టుపక్కల పంచాయతీల్లో సీసీ రోడ్లు, డ్రెయిన్ల కోసం 60 లక్షల అంచనా విలువతో, 9 నెలల గడువుతో ఒక నోటీసు వచ్చింది. ఇక్కడి నుంచి వచ్చే అంకెలన్నీ ఈ ఉదాహరణలోవే. అసలు టెండరులో అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క చేసే పద్ధతి మాత్రం ఇదే.

ఈ షరతులు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పనుల టెండరు షరతులకు మూలం నీటిపారుదల శాఖ 2003 జూలై 1న ఇచ్చిన జీవో 94. అనుభవం ఎంత ఉండాలి, ధరావతు ఎంత కట్టాలి, ఎంత ఎక్కువకు వేస్తే కొట్టేస్తారు లాంటి విషయాలను అదే ఒక దారిలో పెట్టింది. 2019లో రివర్స్ టెండరింగ్ వచ్చింది, 2024లో దాన్ని రద్దు చేసి మళ్లీ పాత పద్ధతికే వచ్చారు. అందుకని ఇరవై ఏళ్ల కిందట టెండరు వేసిన పెద్దాయనకు గుర్తున్న మాటలు చాలావరకు ఇప్పటి నోటీసులోనూ కనిపిస్తాయి.

అయితే జీవో సాధారణ నియమం మాత్రమే. కాంట్రాక్టరును కట్టి ఉంచేది ఆ పనికి ఇచ్చిన నోటీసు. పని విలువను బట్టి కొన్ని షరతులు ఉంటాయి, కొన్ని ఉండవు. చిన్న పనికి అనుభవం అడగకపోవచ్చు, పెద్ద పనికి యంత్రాల జాబితా కూడా అడగవచ్చు. "మొన్న ఆ టెండరులో అడగలేదు కదా" అన్న మాట చెల్లదు. ప్రతిసారీ కొత్తగా చదవాల్సిందే.

నోటీసు, డాక్యుమెంటు రెండూ రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ tender.apeprocurement.gov.in లో దొరుకుతాయి. పేపర్లో వచ్చేది చిన్న ప్రకటన, వాట్సాప్‌లో తిరిగేది దాని ఫోటో. ఆ రెండింటిలోనూ అర్హత షరతులు పూర్తిగా ఉండవు. కాగితం మీదకు దించాల్సింది పోర్టల్‌లోని డాక్యుమెంటు నుంచే.

మొదటి గడప: రిజిస్ట్రేషన్ తరగతి

కొడుకు కాగితం మీద మొదట రాయాల్సింది తరగతి. ప్రభుత్వ కాంట్రాక్టర్లను వాళ్లు చేయగల పని విలువను బట్టి స్పెషల్ క్లాస్, ఆ తర్వాత ఒకటి నుంచి అయిదో క్లాసు వరకు విడదీసి రిజిస్టర్ చేస్తారు. "ఫలానా క్లాసు, ఆపైన" అని నోటీసులో ఉంటుంది. ఉదాహరణలోని నోటీసు మూడో క్లాసు, ఆపైన వాళ్లను పిలిచింది. మన కాంట్రాక్టరుది మూడో క్లాసే. సరిపోయింది.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, విభాగం. సివిల్ రిజిస్ట్రేషన్ ఉన్నవాడు ఎలక్ట్రికల్ పనికి వేస్తే తరగతి సరిపోయినా చెల్లదు. రెండోది, గడువు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌కు చివరి తేదీ ఉంటుంది. టెండరు వేసే రోజున అది బతికి ఉండాలి. "రెన్యువల్‌కు పెట్టాం, రేపో మాపో వస్తుంది" అంటే కమిటీ వినదు. సర్టిఫికెట్ చివరి తేదీని కాగితం మీద తరగతి పక్కనే రాసుకోవడం మంచిది.

రెండో గడప: అలాంటి పని చేసిన అనుభవం

అనుభవం షరతు ఒక్క పొడుగాటి వాక్యంలో ఉంటుంది. దాని సారాంశం ఇది: గత అయిదు ఆర్థిక సంవత్సరాల్లో ఏదో ఒక ఏడాదిలో, ప్రధాన కాంట్రాక్టరుగా, ఇలాంటి పనిని ఇంత విలువకు తక్కువ కాకుండా సంతృప్తికరంగా పూర్తి చేసి ఉండాలి. ఆ విలువ మామూలుగా అంచనాలో సగం ఉంటుంది. 60 లక్షల పనికి సగమంటే 30 లక్షలు.

ఈ ఒక్క వాక్యంలో మూడు మెలికలు ఉన్నాయి. మూడింటినీ విడదీసి చూడాలి.

మొదటిది "ప్రధాన కాంట్రాక్టరుగా" అన్న మాట. టెక్కలి, పలాస వైపు చాలామంది మేస్త్రీ పని నుంచి ఎదిగినవాళ్లు. పెద్ద కాంట్రాక్టరు దగ్గర పని విడిగా తీసుకుని, మనుషుల్ని పెట్టి, రోడ్డంతా వాళ్లే వేస్తారు. కానీ అగ్రిమెంటు, బిల్లు పెద్ద కాంట్రాక్టరు పేరున ఉంటాయి. పదేళ్లు అలా చేసినా కాగితం మీద అనుభవం సున్నా. ఇది బాధ కలిగించే విషయమే, అయినా నోటీసు చదివేటప్పుడు దీన్ని దాచుకుని ప్రయోజనం లేదు. అలాంటివాళ్లు అనుభవం అడగని చిన్న పనులతో సొంత పేరున మొదలుపెట్టడమే దారి.

రెండోది "ఏదో ఒక ఏడాదిలో" అన్న మాట. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఒక కాంట్రాక్టరు 40 లక్షల రోడ్డు వేశాడనుకుందాం. అందులో 22 లక్షల పని మార్చిలోపు, 18 లక్షల పని ఏప్రిల్ తర్వాత జరిగింది. మొత్తం 40 లక్షలే అయినా ఏ ఒక్క ఏడాదిలోనూ 30 లక్షలు దాటలేదు. షరతు అక్షరాలా అలాగే ఉంటే ఆ అనుభవం చాలదు. అందుకే సర్టిఫికెట్ తీసుకునేటప్పుడే ఏ ఏడాదిలో ఎంత పని జరిగిందో ఏడాదివారీగా రాయించుకోవాలి.

మూడోది "ఇలాంటి పని". సీసీ రోడ్ల టెండరులో స్కూలు భవనం అనుభవం ఒప్పుకుంటారా లేదా అన్నది నోటీసులో "సిమిలర్ వర్క్స్" అన్న చోట ఇచ్చిన అర్థాన్ని బట్టి ఉంటుంది. అక్కడ స్పష్టంగా లేకపోతే గడువుకు ముందే టెండరు పిలిచిన ఇంజనీరు కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగాలి. ఫోన్‌లో ఎవరో చెప్పిన మాట కవరు తెరిచిన రోజు పనికిరాదు.

ఉదాహరణలోని కాంట్రాక్టరు 2023-24లో సొంత పేరున ఒకే ఏడాదిలో 34 లక్షల సీసీ రోడ్డు పూర్తి చేశాడు. సర్టిఫికెట్ ఉంది. 30 లక్షల షరతు దాటాడు. రెండో గడప కూడా అయింది.

మూడో గడప: బిడ్ కెపాసిటీ

ఎక్కువమంది లెక్క వేయకుండా వదిలేసేది ఇదే. చేతిలో ఇప్పటికే ఉన్న పనులు చేస్తూ ఈ కొత్త పని కూడా మోయగలడా అని ప్రభుత్వం చూసే లెక్క ఇది. సూత్రం చిన్నదే:

```
2AN − B
```

A అంటే గత అయిదేళ్లలో ఏదో ఒక ఏడాదిలో చేసిన సివిల్ పనుల మొత్తం విలువల్లో అత్యధికం. ఇది ఒక్క పని విలువ కాదు, ఆ ఏడాది చేసిన పనులన్నీ కలిపి. పాత ఏడాది విలువను ఇప్పటి ధరకు పెంచుకోవడానికి నోటీసులోనే ఒక పట్టిక ఇస్తారు. N అంటే కొత్త పనికి ఇచ్చిన గడువు, సంవత్సరాల్లో. B అంటే చేతిలో ఉన్న పనుల్లో, ఆ N కాలంలో ఇంకా చేయాల్సిన భాగం విలువ. ఈ లెక్కలో వచ్చే మొత్తం కొత్త పని అంచనా విలువకంటే ఎక్కువ ఉండాలి.

ఇక రావివలస లెక్క. కాంట్రాక్టరు 2023-24లో రోడ్డు, ఇతర పనులు కలిపి 48 లక్షల పని చేశాడు. నోటీసు పట్టికలో ఆ ఏడాదికి 1.20 అని ఉందనుకుందాం. 48 లక్షలను 1.20తో గుణిస్తే A విలువ 57.6 లక్షలు. కొత్త పని గడువు 9 నెలలు, అంటే N విలువ 0.75. రెండింతలు చేసి గుణిస్తే 86.4 లక్షలు వస్తుంది.

ఇప్పుడు B. చేతిలో ఒక స్కూలు ప్రహరీ గోడ ఉంది, ఇంకా 22 లక్షల పని మిగిలింది. ఒక డ్రెయిన్ ఉంది, 9 లక్షల పని మిగిలింది. రెండూ కలిపి 31 లక్షలు. 86.4లోంచి 31 తీసేస్తే 55.4 లక్షలు. కావాల్సింది 60 లక్షలు. 4.6 లక్షలు తక్కువైంది.

"అబ్బా, క్లాసు ఉంది, అనుభవం ఉంది, అయినా మనం టెండరుకు పనికిరామా?" అని కొడుకు అడుగుతాడు. ప్రస్తుతానికి అంతే. ఈ స్థితిలో టెండరు వేస్తే సాంకేతిక కవరులోనే ఆగిపోతుంది.

కానీ అదే లెక్క దారి కూడా చూపిస్తుంది. డ్రెయిన్ పని దాదాపు అయిపోవచ్చింది. టెండరు వేసేలోపు దాన్ని పూర్తి చేసి, కొలతలు మెజర్‌మెంట్ బుక్కులోకి ఎక్కించి, పూర్తయినట్టు సర్టిఫికెట్ తీసుకుంటే B 22 లక్షలకు దిగుతుంది. అప్పుడు కెపాసిటీ 64.4 లక్షలు. గడప దాటినట్టే. పని పూర్తయినా కొలతలు ఎక్కకపోతే కాగితం మీద అది ఇంకా మిగిలిన పనే. అందుకే కొలతలు వాయిదా వేయించుకోకుండా సైటు ఇంజనీరు వెంటపడటం కూడా టెండరు పనిలో భాగమే.

ఇంకో సంగతి గమనించాలి. అదే 60 లక్షల పనికి ఏడాది గడువు ఇచ్చి ఉంటే 2AN విలువ 115.2 లక్షలు అయ్యేది, రెండు పనులు చేతిలో ఉన్నా సులువుగా దాటేవాడు. గడువు తగ్గేకొద్దీ చిన్న కాంట్రాక్టరు కెపాసిటీ తగ్గుతుంది. కాబట్టి పని విలువతోపాటు గడువు కూడా చూసి టెండరు ఎంచుకోవాలి.

B తగ్గించి చూపించాలనే ఆలోచన కొందరికి వస్తుంది. చేతిలో ఉన్న ఒక పనిని జాబితాలో రాయకుండా వదిలేస్తే చాలు కదా అనుకుంటారు. జిల్లాలో ఎవరి చేతిలో ఏ పని ఉందో అధికారులకూ తెలుసు, పోటీ కాంట్రాక్టర్లకు ఇంకా బాగా తెలుసు. తప్పుడు డిక్లరేషన్ అని తేలితే ధరావతు పోతుంది, బ్లాక్‌లిస్టు దాకా వెళ్తుంది. ఒక్క పని కోసం రిజిస్ట్రేషన్‌ను పణంగా పెట్టినట్టు అవుతుంది.

తేదీలు వెనక నుంచి లెక్కించాలి

అర్హత తేలాక కాగితం మీద రెండో భాగం తేదీలు. నోటీసులో డాక్యుమెంటు డౌన్‌లోడ్ తేదీ, బిడ్ వేసే చివరి తేదీ, సాంకేతిక బిడ్ తెరిచే తేదీ, ధర బిడ్ తెరిచే తేదీ విడివిడిగా ఉంటాయి. కాంట్రాక్టరును కట్టేది బిడ్ వేసే చివరి తేదీ, దాని పక్కనున్న సమయం. ఆ సమయం పోర్టల్ గడియారానిది, ఇంట్లో గోడ గడియారానిది కాదు. నాలుగు గంటలకు మూతపడితే నాలుగూ ఒక నిమిషానికి ఏమీ చేయలేరు.

ఉదాహరణలో గడువు సోమవారం, 10వ తేదీ, సాయంత్రం 4 గంటలు. చూడటానికి రెండు వారాల వ్యవధి ఉంది. కానీ 9వ తేదీ ఆదివారం. 8వ తేదీ రెండో శనివారం, బ్యాంకులకు సెలవు. అంటే బ్యాంకు మేనేజరు సంతకం కావాల్సిన పనికి చివరి రోజు శుక్రవారం, 7వ తేదీ. ఆ రోజు జుమా నమాజుకు పోను మిగిలేది పొద్దుటి పూట. సోమవారం ఒకటి ఉందిగా అనుకుంటే, ఆ రోజు బ్యాంకులో రద్దీ, నెట్ నెమ్మది, పోర్టల్ మీద అందరూ ఒకేసారి పడటం అన్నీ కలిసి వస్తాయి. కాబట్టి కాగితం మీద "10, సాయంత్రం 4" అని మాత్రమే రాస్తే చాలదు. దాని కింద "బ్యాంకు పని 6లోపు, అప్‌లోడ్ 8లోపు" అని తమ సొంత గడువు రాసుకోవాలి.

గడువు మారే అవకాశం కూడా ఉంది. నోటీసులో సవరణ చేస్తే పోర్టల్‌లో కొరిజెండం అని వేస్తారు. తేదీ మారవచ్చు, అర్హత షరతు మారవచ్చు, అంచనా కూడా మారవచ్చు. రోజూ ఒకసారి పోర్టల్ తెరిచి చూసే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించాలి.

చాలామంది పట్టించుకోని తేదీ ఇంకొకటి ఉంది, బిడ్ చెల్లుబాటు కాలం. మూడు నెలలు అని ఉంటే, ఆ మూడు నెలలూ వేసిన ధరకు కట్టుబడి ఉండాలి. ఈలోగా సిమెంటు, ఇనుము ధర పెరిగిందని వెనక్కి తగ్గితే ధరావతు పోతుంది.

పని గడువును కూడా వాతావరణంతో కలిపి చూసుకోవాలి. ఉద్దానం తీరంలో అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. తొమ్మిది నెలల్లో వానలు, తుపాన్ల నెలలు ఎన్ని వస్తాయో లెక్క వేయకుండా ధర వేస్తే, ఆగిన పనికి కూలీల ఖర్చు కాంట్రాక్టరు మీదే పడుతుంది.

డబ్బు ఎంత, ఎప్పుడు?

కాగితాల్లోకి వెళ్లేముందు ధరావతు సంగతి తేల్చుకోవాలి. జీవో 94 పద్ధతిలో బిడ్‌తోపాటు అంచనా విలువలో 1 శాతం ధరావతు. 60 లక్షలకు 60 వేలు. పని వచ్చి అగ్రిమెంటు చేసుకునే రోజున ఇంకో 1.5 శాతం, అంటే 90 వేలు. పని జరుగుతుండగా ప్రతి బిల్లులోంచి 7.5 శాతం ఆపి ఉంచుతారు. లక్ష రూపాయల బిల్లుకు ఏడున్నర వేలు చేతికి రావు. పని పూర్తయ్యాక, లోపాల బాధ్యత కాలం గడిచాక నోటీసు చెప్పిన పద్ధతిలో తిరిగి ఇస్తారు. బిల్లు మొత్తం చేతికొస్తుందనుకుని కంకర, సిమెంటు అప్పు మాట్లాడుకుంటే మధ్యలో ఇరుక్కుపోతారు. భవన నిర్మాణ కార్మికుల సెస్సు 1 శాతం, ఆదాయపన్ను కోత, ఖనిజాల సీనరేజీ కూడా బిల్లుల్లోంచే పోతాయి. అంచనాలో జీఎస్టీ కలిపారా, విడిగా ఇస్తారా అన్నది ధర వేసేముందు తప్పక చూడాల్సిన వాక్యం.

ధర ఎక్కువ వేసినా, మరీ తక్కువ వేసినా ఇబ్బందే. అంచనాకంటే 5 శాతం మించి ఎక్కువ వేస్తే టెండరు కొట్టేస్తారు. 25 శాతం మించి తక్కువ వేస్తే అదనపు సెక్యూరిటీ కట్టాలి. 60 లక్షల్లో 75 శాతం 45 లక్షలు. ఎవరైనా 30 శాతం తక్కువకు, అంటే 42 లక్షలకు వేశారనుకుందాం. 45కు, 42కు మధ్య ఉన్న 3 లక్షలకు డీడీ గానీ బ్యాంకు గ్యారంటీ గానీ పెట్టాలి. పోటీలో కోపం కొద్దీ ధర దింపేవాళ్లు ఈ మూడు లక్షలను మరిచిపోతారు. పని వస్తుంది, సెక్యూరిటీ కట్టలేరు, అగ్రిమెంటు జరగదు, ధరావతు పోతుంది.

కాగితాలు: ఏది ఎవరి దగ్గర నుంచి?

నోటీసులో కాగితాల జాబితా పొడుగ్గా కనిపిస్తుంది. దాన్ని "ఎవరి దగ్గర దొరుకుతుంది" అన్న లెక్కన మూడు కుప్పలు చేస్తే భయం తగ్గుతుంది.

మొదటి కుప్ప ఇంట్లోనే ఉండేవి: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాన్, జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఆదాయపన్ను రిటర్నులు. వీటిలో పేరు ఒకేలా ఉందా అన్నది ఒక్కసారి చూసుకోవాలి. ముస్లిం కుటుంబాల్లో ఇది తరచూ వచ్చే చిక్కు. ఒక కాగితంలో షేక్ ముందు, ఇంకో కాగితంలో వెనక. ఒకచోట మహమ్మద్ అని పూర్తిగా, ఇంకోచోట ఎం.డి. అని పొట్టిగా. రిజిస్ట్రేషన్‌లో ఒక పేరు, బ్యాంకు ఖాతాలో ఇంకో పేరు ఉంటే ఇద్దరూ ఒకరేనా అన్న ప్రశ్న వస్తుంది. టెండరు లేని రోజుల్లోనే పాన్, ఆధార్, బ్యాంకు, రిజిస్ట్రేషన్ నాలుగింటిలో ఒకే పేరు, ఒకే అక్షరాలు ఉండేలా దిద్దించుకోవాలి. గడువు వారంలో అది జరిగే పని కాదు.

రెండో కుప్ప బయటివాళ్లు ఇవ్వాల్సినవి. అనుభవ సర్టిఫికెట్ ఇంజనీరు కార్యాలయం నుంచి రావాలి. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు స్థాయికి తగ్గని అధికారి సంతకం, కొన్నిచోట్ల పై అధికారి ధ్రువీకరణ కూడా అడుగుతారు. ఏ స్థాయి సంతకం కావాలో నోటీసులో ఉన్న మాటను అలాగే కాగితం మీదకు ఎక్కించాలి. ఏడాదివారీ టర్నోవరుకు చార్టర్డ్ అకౌంటెంటు సర్టిఫికెట్. డబ్బు స్తోమతకు బ్యాంకు సాల్వెన్సీ లేదా క్రెడిట్ సర్టిఫికెట్. బ్యాంకు కాగితానికి తేదీ ముఖ్యం, పాతబడితే చెల్లదు. ఈ కుప్ప వేరేవాళ్ల చేతిలో ఉంది కాబట్టి నోటీసు చూసిన మర్నాడే కదలాలి.

మూడో కుప్ప కాంట్రాక్టరే నింపి సంతకం చేయాల్సినవి: చేసిన పనుల జాబితా, చేతిలో ఉన్న పనుల జాబితా, యంత్రాలు, పని చూసే సాంకేతిక సిబ్బంది, కోర్టు కేసుల వివరాల స్టేట్‌మెంట్లు, డిక్లరేషన్. కేసులు లేకపోయినా ఖాళీగా వదలకూడదు, "లేవు" అని రాయాలి. మిక్సరు, వైబ్రేటరు అద్దెకు తెచ్చుకునేవాళ్లు నోటీసు అద్దె యంత్రాలను ఒప్పుకుంటుందా, అందుకు ఏ కాగితం కావాలంటుందో చూసుకోవాలి. చేతిలో ఉన్న పనుల జాబితాలో వేసే అంకెలు, బిడ్ కెపాసిటీ లెక్కలో వాడిన B అంకె కచ్చితంగా ఒకటే కావాలి. రెండు చోట్ల రెండు అంకెలు ఉంటే పరిశీలించే అధికారికి మొదట కనిపించేది అదే.

వీటన్నిటినీ స్కాన్ చేసి పోర్టల్‌లో ఎక్కించడానికి డిజిటల్ సంతకం కావాలి. అది పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో ఉంటుంది, దానికీ గడువు తేదీ ఉంటుంది. దాన్ని నెట్ సెంటరులో వదిలేసి, పాస్‌వర్డు చెప్పేసి రావడం సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇచ్చి రావడంతో సమానం. అప్‌లోడ్ చేశాక బిడ్ సేవ్ అయితే సరిపోదు, సబ్మిట్ అయినట్టు పోర్టల్ ఇచ్చే రసీదు ప్రింటు తీసుకుంటేనే పని ముగిసినట్టు.

చివరికి ఆ ఒక్క కాగితం

నలభై పేజీల నుంచి రావివలస కొడుకు దించిన సారాంశం ఇలా ఉంటుంది.

- పని: సీసీ రోడ్లు, డ్రెయిన్లు. అంచనా 60 లక్షలు, గడువు 9 నెలలు.
- తరగతి: మూడు, ఆపైన. మనది మూడు. రిజిస్ట్రేషన్ చివరి తేదీ చూశాం, ఉంది.
- అనుభవం: ఒకే ఏడాదిలో 30 లక్షలు. మనకు 2023-24లో 34 లక్షలు, సొంత పేరున.
- బిడ్ కెపాసిటీ: కావాల్సింది 60 లక్షల పైన. ఇప్పుడు 55.4. డ్రెయిన్ పూర్తయినట్టు సర్టిఫికెట్ వస్తే 64.4.
- బిడ్ గడువు: సోమవారం 10, సాయంత్రం 4. మన గడువు: బ్యాంకు పని 6, అప్‌లోడ్ 8.
- డబ్బు: ఇప్పుడు 60 వేలు, అగ్రిమెంటు రోజు 90 వేలు, బిల్లుల్లో 7.5 శాతం ఆగుతుంది.
- బయటి నుంచి రావాల్సినవి: డ్రెయిన్ సర్టిఫికెట్, బ్యాంకు సాల్వెన్సీ, అకౌంటెంటు టర్నోవరు.

ఈ కాగితం చూడగానే తేలేది ఒకటే. టెండరు మొత్తం ఇప్పుడు డ్రెయిన్ సర్టిఫికెట్ మీద నిలబడింది. 6వ తేదీలోపు అది చేతికొస్తే ధర గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చు. రాకపోతే ఈ టెండరు వదిలేయాలి. ధరావతు కోసం అప్పు తెచ్చి, అకౌంటెంటుకు ఫీజు కట్టి, నాలుగు రోజులు పని మానుకుని, చివరికి సాంకేతిక కవరులో పేరు కొట్టేయించుకోవడం కంటే, డ్రెయిన్ పూర్తి చేసి తర్వాతి నోటీసుకు సిద్ధమవడమే ఇంటికి లాభం.